ఏం చేశారో చెప్పే సిఫారసు మెయిల్

గతంలో తన టీమ్‌లో పనిచేసిన ఉద్యోగి మరో సంస్థలో చేరే ప్రయత్నంలో ఉన్నప్పుడు, వారి పనితనం గురించి పాత మేనేజర్ ఆ సంస్థకు రాసేదే సిఫారసు మెయిల్. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ వేరు. వాటిని హెచ్‌ఆర్ విభాగం ఇస్తుంది. వాటిలో చేరిన తేదీ, మానిన తేదీ, హోదా ఉంటాయి. మహా అయితే నడవడి బాగుందని ఒక వాక్యం ఉంటుంది. చిక్కొచ్చినప్పుడు ఆ మనిషి ఏం చేస్తారన్నది మాత్రం దగ్గరుండి చూసినవారే చెప్పగలరు.

తీరా చూస్తే మేనేజర్లు రాసే మెయిళ్లలో చాలావాటిలో అదే ఉండదు. కష్టపడి పనిచేస్తారు, క్రమశిక్షణ ఉంది, అందరితో కలిసిపోతారు, ఏ సంస్థకైనా ఆస్తి అవుతారు అని నాలుగు మాటలుంటాయి. వాటిలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ ఎంపిక చేసేవారి చేతికి వచ్చే ప్రతి మెయిల్‌లోనూ అవే ఉంటాయి కాబట్టి ఒక అభ్యర్థికీ మరొకరికీ తేడా తెలియదు. విశేషణం అంటే మేనేజర్ ముందే ఇచ్చేసిన తీర్పు. చదివేవారికి కావలసింది తీర్పు చెప్పుకోవడానికి వీలైన సాక్ష్యం.

ఉత్త పొగడ్త చివరికి ఎక్కడికి చేరుతుందో జర్మనీలో కనిపిస్తుంది. అక్కడ ఉద్యోగం మానేవారికి రాతపూర్వక పనితీరు పత్రం పొందే హక్కు చట్టంలోనే ఉంది. ఆ పత్రం వాళ్ల భవిష్యత్తుకు అకారణంగా అడ్డుపడకూడదు గనుక సంస్థలు మెచ్చుకోలుగానే రాస్తాయి. దాంతో మెచ్చుకోళ్లకే మార్కులు పుట్టుకొచ్చాయి. ‘ఎల్లప్పుడూ మాకు సంపూర్ణ సంతృప్తి కలిగేలా పనిచేశారు’ అనే ధోరణిలో ఉంటే మొదటి శ్రేణి. ‘మాకు సంతృప్తి కలిగేలా పనిచేశారు’ అని ఊరుకుంటే బొటాబొటి మార్కులు. పత్రంలో గూఢార్థాలు ఉండకూడదని చట్టం చెబుతున్నా, హెచ్‌ఆర్ వాళ్లు పొగడ్తను ఈ లెక్కలోనే చదువుకుంటారు.

పొగడ్తలోని మాటలు రాసేవారికి తెలియకుండానే పక్షపాతం చూపవచ్చు కూడా. అమెరికాలోని ఒక పెద్ద వైద్య కళాశాలలో అధ్యాపకులుగా ఎంపికైనవారి కోసం వచ్చిన మూడు వందలకు పైగా సిఫారసు లేఖలను ఫ్రాన్సెస్ ట్రిక్స్, కరోలిన్ సెంకా పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. మహిళల కోసం రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయి. కష్టపడతారు, శ్రద్ధగా చేస్తారు అనే తరహా మాటలు వాటిలో ఎక్కువగా కనిపించాయి. కష్టపడతారని మాత్రమే రాస్తే, ఆ కష్టంతో ఏం సాధించారన్న ప్రశ్న చదివేవారికి మిగిలిపోతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ అకౌంట్స్‌లో, సరఫరాదారుల బిల్లులు చెల్లించే సెక్షన్‌లో ఒకామె మూడేళ్లు పనిచేసి వెళ్లారు. ఇప్పుడు మరో కంపెనీలో టీమ్ లీడ్ ఉద్యోగానికి దరఖాస్తు చేసి, పాత మేనేజర్‌ను సిఫారసు అడిగారు. మేనేజర్ మొదట రాసిన వాక్యం: ‘ఆమె ప్రతి వివరాన్నీ చాలా శ్రద్ధగా గమనిస్తారు.’ ఈ వాక్యాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఆ శ్రద్ధ ఏ సందర్భంలో కనిపించింది? అప్పుడు ఆమె స్వయంగా ఏం చేశారు? చేయకపోతే ఏమయ్యేది? జవాబులు గుర్తు తెచ్చుకుని రాస్తే అదే వాక్యం ఇలా మారుతుంది:

‘ఒక సరఫరాదారు ఖాతా సరిచూస్తుండగా ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లినట్టు ఆమె గమనించారు. బిల్లు నంబరు ఒకసారి INV-457 అని, మరోసారి INV457 అని ఎక్కడంతో సాఫ్ట్‌వేర్ వాటిని వేర్వేరు బిల్లులనుకుంది. నంబర్లలోని గీతలు, ఖాళీలు తీసేసి పోల్చే ఎక్సెల్ షీటు ఒకటి ఆమె తయారుచేశారు. దానితో అంతకుముందు ఏడాది బిల్లులు కూడా చూస్తే ఇలాంటివి మరో పదకొండు బయటపడ్డాయి. అప్పటినుంచి ప్రతి వారం చెల్లింపులకు ముందు ఆ పరీక్ష చేయడం మా సెక్షన్‌లో పద్ధతి అయింది. తర్వాత ఐటీ విభాగం దాన్నే సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది.’

ఇందులో శ్రద్ధ అన్న మాటే లేదు. అయినా తప్పు పట్టుకోవడం, కారణం కనుక్కోవడం, మళ్లీ జరగకుండా చూడడం అనే మూడు మెట్లూ కనిపిస్తున్నాయి. చివరి వాక్యం ముఖ్యం. సాఫ్ట్‌వేర్ మార్చింది ఐటీ వాళ్లని విడిగా చెప్పడం వల్ల ఆమె పాత్ర ఎంతవరకో తేటపడింది. టీమంతా చేసిన పనిని ఒక్కరి ఖాతాలో వేస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది, అప్పుడు నష్టపోయేది అభ్యర్థే. అంకెల సంగతీ ఇంతే. బయటపడిన బిల్లులు పదకొండని మేనేజర్ లెక్కచూసి ఉంటేనే ఆ అంకె రాయాలి. ఖర్చు ముప్పై శాతం తగ్గించారని రాసినప్పుడు ‘ఎవరు కొలిచారు?’ అన్నదానికి జవాబు లేకపోతే ఆ అంకె తీసేయడమే మేలు.

అడిగిన ఉద్యోగం టీమ్ లీడ్ కాబట్టి రెండో బలం మనుషులతో పనికి సంబంధించినదై ఉండాలి. కొత్తగా చేరిన ఇద్దరికి ఆమె పని నేర్పారు. నమూనా బిల్లులతో ఒక గైడు రాసిచ్చారు. ఆమె రెండు వారాలు సెలవులో ఉన్నప్పుడు ఆ ఇద్దరే ఆలస్యం లేకుండా చెల్లింపులు నడిపారు. ఇలాంటివి రెండు చాలు, మరీ అవసరమైతే మూడు. అందుకే రాయడానికి ముందు మేనేజర్ ఆ ఉద్యోగ ప్రకటననూ, అభ్యర్థి తాజా రెజ్యూమేనూ తెప్పించుకుంటారు. తేదీలు, హోదా రెజ్యూమేతో సరిపోవాలి. ఏ పనులు ప్రస్తావిస్తే బాగుంటుందో అభ్యర్థిని అడగడంలోనూ తప్పులేదు. అయితే తాను చూడనిది అందులో ఉంటే రాయకూడదు.

హద్దులు చెప్పడానికి మేనేజర్లు జంకుతారు గానీ, అదే మిగతా మాటలకు బరువిస్తుంది. ‘ఆమె పూర్తి టీమ్‌కు అధికారికంగా లీడ్‌గా ఉండటం నేను చూడలేదు, ఇద్దరికి శిక్షణ ఇవ్వడం చూశాను’ అన్న వాక్యం చదివాక పై కథను అనుమానించడం కష్టం. ఉద్యోగంతో నిమిత్తం లేని బలహీనతలు, సెలవుల కారణాలు, ఆరోగ్యం, జీతం అసలు రావాల్సిన పనిలేదు. పాత కంపెనీ గుట్టు కూడా అంతే. పై ఉదాహరణలో సరఫరాదారు పేరూ, ఎంత డబ్బు వెళ్లిందన్నదీ లేకపోయినా అర్థానికి లోటు రాలేదు.

మెయిల్ రూపం చిన్న విషయమే. సబ్జెక్టు గీతలో అభ్యర్థి పేరు, ఉద్యోగం పేరు ఉంటాయి. తొలి వాక్యంలోనే తానెవరో, అభ్యర్థి తన కింద ఎప్పటినుంచి ఎప్పటివరకు పనిచేశారో చెప్పాలి. తర్వాత రెండు సంఘటనలు, ఒక హద్దు, వీలుంటే మళ్లీ తన టీమ్‌లోకి తీసుకుంటారో లేదో ఒక్క వాక్యం, ఫోన్ నంబరు. ఒక్క పేజీ దాటితే చదివేవారు తక్కువ.

పంపేముందు తేల్చుకోవాల్సినది మరొకటుంది. మాజీ ఉద్యోగుల గురించి తేదీలు, హోదా తప్ప మరేమీ బయటికి చెప్పకూడదని, అవి కూడా హెచ్‌ఆర్ ద్వారానే వెళ్లాలని నియమం పెట్టుకున్న కంపెనీలున్నాయి. అలాంటిచోట ఆఫీసు మెయిల్ నుంచి సిఫారసు వెళితే అది కంపెనీ మాటగా లెక్కలోకి వస్తుంది. హెచ్‌ఆర్ వ్యక్తిగతంగా రాయడానికి ఒప్పుకుంటే సొంత మెయిల్ నుంచి, ఇది తన సొంత అభిప్రాయమని స్పష్టంగా చెప్పి పంపాలి. ఇక ఎంత ఆలోచించినా చెప్పుకోదగ్గ సంఘటన ఒక్కటీ గుర్తురాకపోతే, రాయలేనని అభ్యర్థికి అడిగిన రోజుల్లోనే చెప్పాలి. గడువులోగా మరొకరిని అడగడానికి వారికి సమయం దొరుకుతుంది.