థంబ్ పడటం లేదు

పోయిన డిసెంబరులో పలాస నుంచి ఫోన్ వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకటి, నూట నలభై మంది పనివాళ్లు. హాజరు మిషన్ పాడైందని కాదు, కూలి పట్టీ దగ్గర గొడవైందని. పిక్కలు కొట్టే విభాగంలో ఒకావిడ నెలంతా పనికి వచ్చింది. పక్కన కూర్చునే వాళ్లంతా సాక్ష్యం. కానీ చివరి పదమూడు పనిదినాల్లో ఆమెకు పడ్డ హాజరు నాలుగే. ఇంకొకావిడ సగం రోజులు టెక్కలిలో మేనకోడలి పెళ్లి పనుల్లో తిరిగిన రోజు కూడా మిషన్‌లో హాజరు వేయించుకుంది. ఆ రోజు తాను పలాసలోనే లేనని ఆవిడే చెబుతోంది.

ఈ మిషన్లు బిగించడం, బాగుచేయడం నా పని. సగం ఫోన్లు ఒకే మాటతో మొదలవుతాయి: "థంబ్ పడటం లేదు". వేలు పెడితే 'ప్లీజ్ ట్రై ఎగైన్' అంటుంది, వెనక లైను పెరుగుతుంది, మేస్త్రీ కేకలేస్తాడు. ఆ కంగారులో ఎవరో ఒకరు మెనూలోకి వెళ్లి ఏదో ఒక అంకె తగ్గిస్తారు. మిషన్ 'థాంక్యూ' అనడం మొదలుపెడుతుంది. పలాసలో జరిగింది అదే. ఆ 'థాంక్యూ' ఎవరికి చెప్పిందో ఎవరూ చూడలేదు.

నేను వెళ్లేసరికి హాజరు పడని ఆవిడ గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. నంబరు 112. యాభై దాటి ఉంటాయి. "నాను రోజూ వొచ్చీసినాను బాబూ, ఇదేటో నన్ను ఒప్పుకోదు" అని రెండు చేతులూ చాపింది. బొటనవేళ్లు, చూపుడువేళ్లు, నడిమివేళ్లు తెల్లగా పొరలు లేచి, అక్కడక్కడ నున్నగా మెరుస్తున్నాయి. జీడిపిక్క పెంకులో ఉండే నూనెకి చర్మాన్ని కాల్చే గుణం ఉంది. చేతులకు ఆముదమో బూడిదో రాసుకున్నా పిక్క పట్టే వేళ్లకు అది అంటుతూనే ఉంటుంది. సిమెంటు కలిపే మేస్త్రీలకు, రోజంతా సబ్బునీళ్లలో అంట్లు తోమేవాళ్లకు, గంటగంటకూ శానిటైజర్ రాసుకునే నర్సులకు కూడా వేళ్లు ఇలాగే అవుతాయి. కారణం వేరు, మిషన్‌కి కనిపించేది ఒక్కటే.

అదేమిటో కళ్లతో చూడొచ్చు. చాలా మిషన్లలో Menu లోకి వెళ్లి System, అందులో Fingerprint నొక్కితే FP Image అనే వరస ఉంటుంది. దాన్ని ఎప్పుడూ చూపించేలా పెడితే, వేలు పెట్టిన ప్రతిసారీ మిషన్ చూసిన బొమ్మ తెర మీదకు వస్తుంది. నేను ఎక్కడికి వెళ్లినా ముందు చేసే పని ఇదే. గుమస్తా వేలు పెట్టాడు, నల్లటి గీతలు దువ్వెన పళ్లలా తేటగా వచ్చాయి. 112 నంబరు పెడితే గీతలకు బదులు చుక్కలు, మధ్యలో అరచందమామలంత తెల్లటి ఖాళీలు. గుమస్తాకి తేటగా వచ్చింది కాబట్టి మిషన్ గుడ్డిది కాదు. అందరికీ పడకపోతే అద్దాన్ని అనుమానించాలి, ఒకరిద్దరికే పడకపోతే వేళ్లను చూడాలి.

అద్దం కింద ఉన్నది చిన్న పట్టకం. లోపలి దీపం వెలుగు అద్దం పైతలానికి తగిలి తిరిగి లోపలికే వచ్చి కెమెరాలో పడుతుంది. వేలి గీత అద్దానికి అంటుకున్న చోట వెలుగు తిరిగి రాకుండా జారిపోతుంది, అక్కడ నలుపు పడుతుంది. గీతల నడుమ గాడిలో గాలి ఉంటుంది, అక్కడ తెలుపు. అంటే కెమెరాకు కనిపించేది వేలు కాదు, వేలు అద్దాన్ని ఎక్కడెక్కడ తాకిందన్నది. ఎండిన చర్మం గరుకుగా ఉంటుంది. గీత పొడవునా తాకదు, మొనలు మాత్రమే తాకుతాయి. అందుకే చుక్కలు. చిత్తడి వేలిది దీనికి ఎదురు. గాళ్లలో నీళ్లు నిండి గీతలన్నీ కలిసి సిరా మరకలా వస్తాయి.

వేలు పడనివాళ్లు చేసే చిట్కాలకు అర్థం ఇక్కడుంది. వేలి మీద 'హా' అని ఊదితే పడుతుంది, ఆవిరి తడి చర్మాన్ని అద్దానికి అంటిస్తుంది. నుదురుకో ముక్కు పక్కనో రుద్దితే పడుతుంది. వేలి కొసన చెమట గ్రంథులే తప్ప జిడ్డు గ్రంథులు లేవు, ముఖం మీది జిడ్డును అరువు తెచ్చుకుంటున్నారన్నమాట. కాకపోతే ఆ జిడ్డు అద్దం మీద మిగిలిపోతుంది. ఊదడం మేలు. వేలు నాకడం మాత్రం మానండి, మీ వెనక లైనులో ఇంకా వంద మంది ఉన్నారు.

ఆ మిగిలిన జిడ్డు సంగతి. ఫ్యాక్టరీలో అద్దం మీద నూనె, బూడిద కలిసి సన్నటి పొర కట్టింది. వేలు పెట్టకుండానే దీపం అప్పుడప్పుడు వెలుగుతోంది. ముందు మనిషి ముద్ర మరకను మిషన్ వేలనుకుంటోంది. మేస్త్రీ రోజూ తన తువ్వాలుతోనే తుడుస్తున్నాడట. పొడి గుడ్డతో గట్టిగా తుడిస్తే అందులోని ఇసుకరేణువే అద్దాన్ని గీస్తుంది, ఆ గీత ఇక పోదు. నేను వాడేది మామూలు పారదర్శక టేపు. మిషన్ కరెంటు తీసి, టేపు ముక్కను అద్దం మీద అతికించి మెల్లగా లేపాలి. మూడు నాలుగు ముక్కలు మార్చేసరికి టేపు మీద మురికి రావడం ఆగుతుంది. అప్పటికీ జిడ్డు మిగిలితే కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డను కాస్త తడిపి, పిండి, ఒకసారి తుడవాలి. నీళ్లు గానీ అద్దాల స్ప్రే గానీ నేరుగా కొట్టకూడదు, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. కొన్ని మిషన్లలో అద్దం మీద రబ్బరులాంటి మెత్తటి పొర ఉంటుంది. ఎండిన వేళ్లు బాగా అంటుకోవాలనే దాన్ని వేస్తారు. దాని మీద స్పిరిట్ రాస్తే పొర పాడవుతుంది. ఇంకొకటి, మిషన్ తూర్పు గుమ్మం పక్కన ఉంటే పొద్దుటి ఎండ నేరుగా అద్దం మీద పడి బొమ్మ వెలిసిపోతుంది. 'పొద్దున్నే పడదు, మధ్యాహ్నం పడుతుంది' అంటే ముందు నీడ చూడండి.

ఇక అంకెల దగ్గరికి. ఆ Fingerprint మెనూలోనే పక్కపక్కన రెండు రకాల మీటలున్నాయి. జనం రెండూ ఒకటే అనుకుంటారు, చిక్కంతా అక్కడే. FP Sensor Sensitivity అంటే బొమ్మ తీసేటప్పటి చురుకు. మామూలుగా Medium ఉంటుంది. పొడి వాతావరణంలో వేలిని ఆలస్యంగా గుర్తిస్తుంటే High, ముసురు రోజుల్లో ముద్రలు అలికినట్టు వస్తుంటే Low పెట్టమని మిషన్‌తో వచ్చే పుస్తకమే చెబుతుంది. దీన్ని మారిస్తే ఒకరి హాజరు ఇంకొకరికి పోదు. High లో అద్దం మురికిని కూడా వేలనుకుంటుంది, అంతే, కాబట్టి తుడవడం పెరగాలి.

రెండోది Match Threshold. ఇది బొమ్మ తీశాక పని చేస్తుంది. మిషన్ మీ ముద్ర ఫోటోను దాచుకోదు. గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్న గుర్తుల పట్టిక దాచుకుంటుంది. కొత్త ముద్ర ఆ పట్టికతో ఎంత కలిస్తే ఒప్పుకోవాలన్నదే ఈ అంకె. మేం ఎక్కువగా బిగించే మిషన్లలో 1:N దగ్గర 35, 1:1 దగ్గర 15 ఉంటాయి. 1:N అంటే ఊరికే వేలు పెట్టడం. అప్పుడు మిషన్ మిమ్మల్ని అందరితోనూ పోల్చుకుంటూ వెళ్తుంది. నూట నలభై మందికి రెండేసి వేళ్లు, రెండు వందల ఎనభై పట్టికలు, పొరపడడానికి అన్ని అవకాశాలు. 1:1 అంటే ముందు మీ నంబరు నొక్కి తర్వాత వేలు పెట్టడం. అప్పుడు మీ పట్టికతో తప్ప ఎవరితోనూ పోల్చదు. అందుకే అక్కడ అంకె తక్కువున్నా ఫరవాలేదు.

పలాసలో 1:N అంకె 15 ఉంది. మేస్త్రీ తగ్గించాడు. మంచి ఉద్దేశంతోనే, లైను కదలాలని. 112 నంబరు చుక్కల ముద్ర ఎవరి పట్టికతోనూ గట్టిగా కలవదు, 15 పాటి మాత్రం 47తో కలుస్తోంది. 47ది కూడా చేరిన రోజు హడావిడిగా, వేలి కొస మాత్రమే తీసిన ముద్ర, పట్టికలో గుర్తులే తక్కువ. నా ఎదుట 112 ఆవిడ వేలు పెట్టింది. 'థాంక్యూ' అంది మిషన్. తెర మీద 47.

అంకెను తిరిగి 35కి పెట్టాను. ఊహించినట్టే ఆవిడకు మళ్లీ పడలేదు. ఇప్పుడు చేయాల్సింది ముద్ర మళ్లీ తీసుకోవడం. చాలామంది పాత బొటనవేలినే మళ్లీ తీస్తారు, పది రోజుల్లో మొదటికొస్తుంది. నేను పదివేళ్లూ ఒక్కొక్కటి పెట్టించి తెర మీద బొమ్మ చూశాను. ఉంగరపు వేళ్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి, పిక్క పట్టడంలో వాటికి పనిలేదు. చిటికెన వేళ్లూ బాగున్నాయి గానీ చిన్నవి, గుర్తులు తక్కువ దొరుకుతాయి. పాత ముద్రలు తీసేసి రెండు ఉంగరపు వేళ్లూ ఎక్కించాను. మిషన్ మూడుసార్లు పెట్టమంటుంది. మూడుసార్లూ వేలి నడుమనున్న సుడి అద్దం నడిమికి రావాలి, పడుకోబెట్టినట్టు ఆనించి, లైటు ఆరేదాకా ఉంచాలి. కొస పొడిస్తే సుడి పైభాగమే పడుతుంది, రేపు వేలు కాస్త జరిగినా కలవదు. గట్టిగా నొక్కినా గీతలు సాగి ఆకారం మారుతుంది. ముద్ర ఇచ్చేది కూడా రోజూ వచ్చే చేతితోనే ఇవ్వాలి. సబ్బుతో కడిగి, నూనె రాసి మెరిపించిన వేలితో ఇస్తే, రేపు ఎండిన వేలు దానితో కలవదు. ఆ రాత్రి నుంచి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోమన్నాను. గుమ్మం దగ్గర రాసుకుంటే అద్దం పాడు.

అరిగిన ముద్ర తిరిగి వస్తుంది. గీతల మూలం చర్మం అడుగు పొరలో ఉంది, పైపొర నెల అటూ ఇటూగా కొత్తదవుతుంది. కానీ రోజూ అదే నూనెలో చేయి పెట్టేవాళ్లకు ఆ నెల ఎప్పుడూ పూర్తికాదు. అదే ఫ్యాక్టరీలో ఇంకో ఇద్దరికి పదివేళ్లలో ఒక్కటీ తేటగా రాలేదు. వాళ్లకు నంబరు నొక్కి వేలు పెట్టడం నేర్పాను. ఒకామెకు అదీ కుదరలేదు, కార్డు ఇప్పించాం. ఆమె వేలితో కుస్తీ పట్టించడం శుద్ధ దండగ.

మర్నాడు పొద్దున్న ఏడింటికి 112 ఆవిడ ఎడమ ఉంగరపు వేలు పెట్టింది. 'థాంక్యూ'. తెర మీద అంకెలు పైకే చదివింది: "ఒకటి, ఒకటి, రెండు". మేస్త్రీ ఇప్పుడు లైనులో ప్రతివాళ్లనూ తమ నంబరు చూసుకోమంటున్నాడు.

గుమస్తా పెన్‌డ్రైవ్‌లో పాత లెక్కలు తీశాడు. 47 నంబరు పక్కన ఎనిమిది రోజులు పొద్దుటిపూట నిమిషాల తేడాతో రెండేసి ఎంట్రీలున్నాయి. తొమ్మిదో రోజు ఒక్కటే ఉంది, అది టెక్కలి పెళ్లినాటిది. తొమ్మిదింటినీ ఎర్ర సిరాతో 112కి రాసి, పక్కన సంతకం పెట్టాడు.