ఆవకాయ జాడీకి కొత్త లేబుల్: తేదీ ఎక్కడ పెట్టాలి?

అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో ఆవకాయ, మాగాయ, గోంగూర జాడీలు బియ్యం బస్తాల పక్కనే వరసగా పేర్చి ఉంటాయి. 2023 జనవరి 1 నుంచి వాటిలో చాలా జాడీల మీద ఒక కొత్త మాట తప్పనిసరి అయింది. లోపల నువ్వులు ఉంటే, నువ్వులు ఉన్నాయని స్పష్టంగా చెప్పాలి. ఎలర్జీ కలిగించే ప్రధాన ఆహారాలుగా అక్కడి చట్టం అప్పటికే ఎనిమిదింటిని గుర్తించింది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల జాతి, బాదం జీడిపప్పు లాంటి గింజలు, వేరుశెనగ, గోధుమ, సోయా. 2021 ఏప్రిల్ 23న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన ఫాస్టర్ చట్టం నువ్వులను తొమ్మిదోదిగా చేర్చింది. నువ్వులు పడనివాళ్లకు కొద్ది పాటి నూనె తగిలినా ఊపిరి అందని పరిస్థితి రావచ్చు. వాళ్లకు ఆ ఒక్క మాటే రక్షణ.

ఆవకాయ అంటే మనకు నువ్వుల నూనే. కాబట్టి ఈ మార్పు గుంటూరులోనో, హైదరాబాద్ శివార్లలోనో ఉన్న పచ్చళ్ల ప్యాకింగ్ షెడ్ల దాకా రావాల్సిందే. అమెరికాలో సరుకు దించుకునే వ్యాపారి ఇక్కడి సప్లయర్‌కు ఒక లేఖ రాయాలి. చూడ్డానికి చిన్న పని. కానీ ఆ లేఖలో తేదీ ఎలా రాశారన్న దాని మీదే కంటైనర్ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు న్యూజెర్సీలో ఒక తెలుగు దిగుమతిదారు ఉన్నారనుకుందాం. ఆయన గుంటూరు సప్లయర్ దగ్గర నెలకు 6,000 చొప్పున 300 గ్రాముల ఆవకాయ జాడీలు తన బ్రాండ్ పేరుతో ప్యాక్ చేయిస్తారు. 2022 ఆగస్టు 1న లేఖ రాయడానికి కూర్చున్నారు. ముందుగా తోచే వాక్యం ఇది: "జనవరి 1 నుంచి ఇచ్చే ఆర్డర్లకు కొత్త లేబుల్ వాడగలరు." మర్యాదగా, సూటిగా ఉంది. కానీ ఇందులో రెండు పెద్ద చిల్లులున్నాయి.

మొదటిది ఆర్డరు అన్న మాట దగ్గర. పచ్చళ్ల వ్యాపారంలో ఏడాది మొత్తానికి ఆర్డరు మే నెలలోనే ఖాయమవుతుంది, ఎందుకంటే కాయ వచ్చేది అప్పుడే. ముక్క కొట్టి, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి పెద్ద డ్రమ్ముల్లో ఊరబెడతారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా అవసరమైనప్పుడల్లా జాడీల్లోకి తీస్తారు. అంటే 2023 మార్చిలో బయల్దేరే జాడీలు కూడా 2022 మేలో ఇచ్చిన ఆర్డరు కిందికే వస్తాయి. లేఖలోని మాటను అక్షరాలా పట్టుకుంటే వాటికి పాత లేబులే వేయాలి. సప్లయర్ తప్పు చేసినట్టు కూడా కాదు. మీరు రాసిందే ఆయన చేశారు.

రెండో చిల్లు సముద్రం. చెన్నై రేవు నుంచి న్యూజెర్సీ వైపు చేరడానికి ఓడకు ఐదారు వారాలు పడుతుంది. ప్యాకింగ్ అయ్యాక కాగితాలు, కస్టమ్స్, కంటైనర్‌లోకి ఎక్కించడం కలిపి ఇంకో రెండు వారాలు వేసుకోవాలి. అక్టోబరు ఆఖరున ప్యాక్ చేసిన జాడీ నవంబరు మధ్యలో ఓడెక్కి, సంవత్సరాంతానికి గానీ దిగదు. ఆ ఏడాది రేవుల్లో రద్దీ వల్ల ఇంకా ఆలస్యాలు జరిగాయి కూడా. చట్టం పట్టించుకునేది 2023 జనవరి 1 నుంచి అమెరికా మార్కెట్లోకి కొత్తగా ప్రవేశించే సరుకును. అంతకు ముందే వచ్చి అంగళ్లలో ఉన్న సరుకును వెనక్కి తీయక్కర్లేదని, లేబుల్ మార్చక్కర్లేదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. కాబట్టి గుంటూరు షెడ్డుకు అసలు గడువు జనవరి 1 కానే కాదు, అక్టోబరు ఆఖరు.

అందుకే తేదీని చట్టం రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి, సప్లయర్ చేతిలో ఉన్న ఒక పనికి ముడిపెట్టాలి. ఆర్డరు తేదీ కొనేవారి చేతిలో ఉంటుంది, దిగే తేదీ ఓడ చేతిలో ఉంటుంది. షెడ్డులో మనిషికి కళ్లెదురుగా కనిపించేది ప్యాకింగ్ తేదీ ఒక్కటే. పచ్చడి తయారైన తేదీ కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మేలో ఊరబెట్టిన డ్రమ్ము అక్టోబరులోనూ ఇంకా సగం ఉంటుంది. మన దిగుమతిదారు ప్యాకింగ్ తేదీగా సెప్టెంబరు 15 పెట్టుకున్నారు. లేబుల్ డిజైన్ సరిచూసి ఒప్పుకోవడానికి ఒక పదిరోజులు, అచ్చు వేసి తేవడానికి మూడు వారాలు తీసినా ఆగస్టు 1 నుంచి సరిపోతుంది. అటు అక్టోబరు ఆఖరుకు ఇంకా ఆరు వారాల వెసులుబాటు మిగులుతుంది.

ఇక లేఖలోని ముఖ్యమైన భాగం ఇలా తయారైంది:

"అయ్యా, మన ఆర్డరు ఏ తేదీన ఇచ్చినదైనా, పచ్చడి ఏ నెలలో పెట్టినదైనా సరే, 2022 సెప్టెంబరు 15న, ఆ తర్వాత జాడీల్లోకి ఎత్తే ప్రతి జాడీకీ కొత్త లేబులే వేయించండి. ఆ తేదీకి ముందు ఎత్తిన జాడీలు పాత లేబుల్‌తోనే పంపవచ్చు, కానీ అవి అక్టోబరు 10 లోపల ఓడెక్కాలి. కొత్త లేబుల్ డిజైన్‌ను మేము సంతకం చేసి పంపేదాకా అచ్చుకు ఇవ్వవద్దు. ఈ లేఖ అందినట్టు, మీ దగ్గర పాత లేబుళ్లు ఎన్ని మిగిలాయో వారంలోగా రాసి తెలపగలరు."

చివరి వాక్యం మొహమాటానికి వదిలేసేది కాదు. కొత్త తేదీ అనగానే సప్లయర్‌కు మొదట గుర్తొచ్చేది గూట్లో ఉన్న పాత లేబుల్ చుట్టలు. ఆయన దగ్గర 20,000 ఉన్నాయని, నెలకు 6,000 ఖర్చవుతాయని అనుకుందాం. సెప్టెంబరు 15 నాటికి 9,000 వాడినా 11,000 మిగులుతాయి. ఒక్కోటి రూపాయిన్నర పడిందనుకుంటే 16,500 రూపాయల నష్టం. ఈ సంగతి మాట్లాడకుండా వదిలేస్తే ఆ లేబుళ్లు ఏదో ఒక రద్దీ రోజున మెషీన్ మీదికి ఎక్కుతాయి. ఎవరికీ దురుద్దేశం ఉండక్కర్లేదు, కొత్త చుట్ట అయిపోయి పక్కన పాతది కనబడితే చాలు. కాబట్టి ఖర్చులో సగం తాము భరిస్తామని, మిగిలినవి చింపేసి ఫొటో పంపమని దిగుమతిదారు రాయడం మంచిది. ఒక కంటైనర్ ఆగిపోతే అయ్యే ఖర్చు ముందు 8,250 రూపాయలు లెక్కలోకి రావు.

లేబుల్ మీద ఏం మారాలో మాటల్లో వర్ణిస్తే సరిపోదు, అచ్చుకు ఇచ్చే డిజైన్‌నే జత చేయాలి. మన లేబుళ్ల మీద చాలాకాలంగా నువ్వుల నూనెను "జింజెల్లీ ఆయిల్" అని రాస్తున్నారు. అమెరికా చట్టానికి ఆ పేరు చాలదు, "సెసమీ" అనే ఉండాలి. పదార్థాల జాబితాలోనే ఆ పేరు రాయవచ్చు, లేదంటే జాబితా అయిన వెంటనే "కంటెయిన్స్: సెసమీ" అని విడిగా వేయవచ్చు. విడిగా వేస్తే ఆ అక్షరాలు జాబితాలోని అక్షరాల కంటే చిన్నవి కాకూడదు. మరో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆవకాయలో ప్రాణం లాంటి ఆవాలు అమెరికా తొమ్మిదిలో లేవు, కానీ కెనడా జాబితాలో ఉన్నాయి. అదే సరుకు టొరొంటోకు కూడా పంపేవాళ్లు ఒకే లేబుల్‌తో రెండు దేశాలూ గట్టెక్కవచ్చని ఆశపడకుండా, రెండు డిజైన్లు పెట్టుకోవడం మేలు.

నువ్వుల కోసం మొదలుపెట్టిన ఈ పనిలో ఎక్కువమందిని ఆశ్చర్యపరిచేది ఇంగువ. మాగాయ తిరగమోతలో వేసే డబ్బా ఇంగువ స్వచ్ఛమైన ఇంగువ కాదు. ఆ జిగురును పిండితో కలిపి పొడి చేస్తారు, ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమదే. గోధుమ మొదటి ఎనిమిదిలోనే ఉంది. అంటే మాగాయ జాడీ మీద గోధుమ పేరు లేకపోతే, నువ్వుల సంగతి సరిచేసినా లేబుల్ తప్పే. అందుకని లేఖతో పాటు ఒక ప్రశ్న వెళ్లాలి: ప్రతి పచ్చడిలో వాడే నూనె, ఇంగువ, మసాలా పొడి ఏ కంపెనీవి, వాటి డబ్బాల మీద ఏం రాసి ఉంది? జవాబు మాటల్లో కాకుండా డబ్బా వెనకవైపు ఫొటోగా తెప్పించుకోవాలి. రేపు ఇంగువ బ్రాండ్ మారిస్తే ముందుగా చెప్పాలన్న షరతు కూడా చేర్చాలి. లేకపోతే సెప్టెంబరులో సరిగ్గా ఉన్న లేబుల్ డిసెంబరుకు తప్పయిపోతుంది.

ఇదే అదను అనుకుని చాలామంది ప్యాకింగ్ మార్పులు కూడా ఇదే లేఖలో కలుపుతారు. మన దిగుమతిదారుకు కూడా నూనె కారే ఫిర్యాదులు వస్తున్నాయి, మూత కింద రేకు సీలు వేయించాలని ఆయన కోరిక. ప్లాస్టిక్ జాడీ మూతలో రేకు పెట్టి, బిగించి, సీలింగ్ మెషీన్ కింద నుంచి పంపిస్తే ఆ వేడికి రేకు జాడీ అంచుకు అతుక్కుంటుంది. అంచు మీద నూనె తడి ఉంటే మాత్రం సరిగ్గా పట్టదు. షెడ్డులో అంతా బాగానే కనిపించి, సముద్రం మీద ఎండకు ఊడి, పెట్టె అడుగంతా నూనె అవుతుంది. అందుకే నింపగానే అంచును పొడిగుడ్డతో తుడవాలని, ప్రతి లాటులో కొన్ని జాడీలను కాగితం మీద తలకిందులుగా ఒక రోజంతా ఉంచి మరక పడిందేమో చూడాలని రాయాలి.

కానీ ఈ కోరికకు వేరే తేదీ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. లేబుల్ చట్టం కోసం, రేకు సీలు కొనేవారి సౌకర్యం కోసం. సీలింగ్ మెషీన్ కొనాలి, సరైన మూతలు తెప్పించాలి, పనివాళ్లకు అలవాటు కావాలి. రెండింటికీ సెప్టెంబరు 15 అని పెడితే, మెషీన్ ఇంకా రాలేదన్న కారణంతో లేబుల్ కూడా వాయిదా పడే ప్రమాదం ఉంది. సీలుకు నవంబరు 1 అని పెట్టి, రెండూ వేర్వేరు పేరాల్లో, వేర్వేరు తేదీలతో రాస్తే ఒకటి ఆలస్యమైనా రెండోది ఆగదు.

లేఖ ఎవరికి చేరుతుందన్నది మరో చిక్కు. దిగుమతిదారు మెయిల్ ఎగుమతి ఏజెంటుకు వెళ్తుంది, ఆయన వాట్సాప్‌లో షెడ్డు యజమానికి పంపుతారు, యజమాని సూపర్‌వైజర్‌తో ఫోన్లో చెబుతారు. మూడో చేతికి వచ్చేసరికి "లేబుల్ ఏదో మారుస్తారంట" అన్నంత మాత్రమే మిగులుతుంది. దీనికి పనికొచ్చే ఉపాయం, ప్యాకింగ్ బల్ల మీద అంటించేందుకు తెలుగులో ఒక్క పేజీ. పాత లేబుల్ బొమ్మ మీద ఇంటూ గుర్తు, పక్కన కొత్త లేబుల్ బొమ్మ, కింద తేదీ. కొత్త లేబుల్ మూలన ఒక చిన్న అంకె, ఉదాహరణకు 2 అని, అచ్చు వేయిస్తే ఇంగ్లిషు చదవలేని మనిషికి కూడా తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. అదే అంకె అట్టపెట్టె మీద కూడా ఉంటే, పెట్టె విప్పకుండానే లోపల ఏ లేబుల్ ఉందో గోడౌన్లో చెప్పేయవచ్చు.

సెప్టెంబరు 15న మొదటి జాడీ సిద్ధం కాగానే దాని నాలుగు వైపులా ఫొటోలు తెప్పించుకుని, దిగుమతిదారు సరే అన్నాకే మిగతా ప్యాకింగ్ సాగనివ్వాలి. సరుకు న్యూజెర్సీ చేరాక ప్రతి ప్యాలెట్ నుంచి రెండు మూడు పెట్టెలు విప్పి చూడాలి. పైవరసవే చూసి ఊరుకోకూడదు, ఎందుకంటే పాతవి కలిస్తే అవి ముందుగా ఎక్కించిన అడుగు వరసల్లోనే ఉంటాయి. పాతవి దొరికితే వాటిని విడిగా పెట్టి, పదార్థాల జాబితా కప్పుకుపోకుండా అక్కడే సరైన స్టిక్కర్ అంటించాకే దుకాణాలకు వదలాలి. ఆ స్టిక్కర్, కూలీ ఖర్చు ఎవరిదన్నది కూడా ఆగస్టు 1 నాటి లేఖలోనే రాసుకుని ఉండాలి: తేదీ దాటాక ఎత్తిన జాడీ అయితే సప్లయర్‌ది, కొత్త డిజైన్ ఆలస్యంగా పంపి ఉంటే దిగుమతిదారుది.