వెబ్‌సైట్ డ్రాఫ్ట్ చేతికొచ్చాక

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒక కుటుంబం వెబ్‌సైట్ చేయించుకుంటోందనుకుందాం. డిజైనర్ మొదటి డ్రాఫ్ట్ పంపాడు. తెల్లటి తెర మీద బూడిదరంగు డబ్బాలు, ఫొటో ఉండాల్సిన చోట అడ్డగీతలు. నాన్నగారు ఉసూరుమన్నారు: "ఇదేంటయ్యా, రంగేదీ?" బెంగళూరులో ఉన్న పెద్దబ్బాయి వాట్సాప్‌లో "బటన్లు గుండ్రంగా పెట్టండి" అన్నాడు. కోడలు "అమెజాన్‌లా ఉండాలి" అంది. ముగ్గురి మాటలూ డిజైనర్‌కి విడివిడిగా చేరాయి. తెగని సవరణలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

ఆ డబ్బాల బొమ్మను వైర్‌ఫ్రేమ్ అంటారు. అందులో రంగు కావాలనే పెట్టరు. ఏ పేజీలు ఉండాలి, ఒక్కో పేజీలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రమే అప్పుడు తేల్చాలి. నాన్నగారు అడగాల్సినవి వేరు. బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ రకాలు మొదట్లోనే కనిపిస్తున్నాయా? ఎన్ని రోజులు నిలవుంటాయో ఆర్డర్ ఇచ్చే ముందే తెలుస్తుందా? తమ ఊరికి పంపుతారో లేదో పిన్‌కోడ్ వేసి చూసుకునే వీలుందా? ఆ పిన్‌కోడ్ డబ్బాను ఇప్పుడు జరపడం నిమిషాల పని. సైట్ తయారయ్యాక జరపాలంటే కోడ్ మార్చాలి, ఆర్డర్ ప్రక్రియంతా మళ్లీ పరీక్షించాలి.

రంగులు, అక్షరాలు, ఫొటోల సంగతి తర్వాతి దశలో వస్తుంది. ఆ డిజైన్‌ని ముందు ఫోన్‌లో చూడండి, కొనేవాళ్లలో ఎక్కువమంది చూసేది అందులోనే. ఉత్తుత్తి ఇంగ్లీషు వాక్యాలు నింపిన డిజైన్‌ని ఆమోదించకండి. మీ అసలు తెలుగు వాక్యాలు ముందే ఇచ్చి, వాటితోనే చూపించమనండి. ఇంగ్లీషుకి సరిపోయిన వరుసల మధ్య జాగాలో తెలుగు వత్తులు కింది వరుసకు తగులుతాయి, బటన్‌లో పట్టాల్సిన మాట రెండు వరుసలవుతుంది. ఇది చివర్లో బయటపడితే పేజీలన్నీ సర్దుకోవాలి.

అభిప్రాయం ఎలా చెప్పాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. "లోగో పెద్దది చేయండి" అంటే డిజైనర్ పెద్దది చేస్తాడు, మీకు మళ్లీ నచ్చదు. ఎందుకంటే మీరు చెప్పింది మందు, జబ్బు చెప్పలేదు. ఇలా రాసి చూడండి: "ప్రొడక్ట్ పేజీ, ఫోన్‌లో. ధర ఫొటో కింద ఎక్కడో ఉంది. మా దగ్గర కొనేవాళ్లు మొదట అడిగేది ధరే." ఏ పేజీ, ఏ చోటు, ఏం ఇబ్బంది, ఎవరికి అన్నవన్నీ వచ్చేశాయి. పరిష్కారం అతను చూసుకుంటాడు. "ఏదో వెలితిగా ఉంది" అనిపిస్తే ఆ మాట పంపకండి. వెలితి ఎక్కడుందో దొరికేదాకా మరోసారి చూడండి.

ఇంట్లో అందరూ చెప్పొచ్చు, డిజైనర్‌తో మాట్లాడేది మాత్రం ఒక్కరే కావాలి. నాన్నగారికి ఎరుపు, అబ్బాయికి ఆకుపచ్చ నచ్చితే ఆ తగువు ఇంట్లోనే తీరాలి. అందరి మాటలూ ఒకేచోట, ఒకేసారి పంపాలి. డిజైన్ ఫిగ్మాలో ఉంటే లింక్ తెరిచి, ఆ చోటు మీదే వ్యాఖ్య పెట్టొచ్చు. దశకు రెండు విడతల సవరణలని ఒప్పందంలో రాసుకుంటే, ఇలా పంపినదంతా ఒక విడత. రాత్రి పూట గుర్తొచ్చినప్పుడల్లా పంపే వాయిస్ మెసేజ్‌లకు లెక్క ఉండదు, గొడవ మాత్రం ఉంటుంది.

ఆమోదం "ఓకే, బాగుంది" అంటే కుదరదు. "హోం, ప్రొడక్ట్ పేజీల డిజైన్, వెర్షన్ 2, ఆమోదించాం. ధర ఫొటో పక్కకు రావాలి, అదొక్కటే మిగిలింది" అని మెయిల్ పెట్టండి. ఆ తర్వాత పేజీ అమరిక మార్చమంటే అది కొత్త పని, దానికి డబ్బు అడగడం డిజైనర్ తప్పు కాదు.

సైట్ తయారయ్యాక ట్రయల్ లింక్ ఇస్తారు. అక్కడ అందచందాలు చూడడం మానేసి ఆర్డర్ పెట్టి చూడండి. తప్పు పిన్‌కోడ్ వేయండి, చెల్లింపు మధ్యలో వెనక్కి రండి. ఆమోదించిన డిజైన్‌లా లేనిదీ, పని చేయనిదీ తప్పు. అది ఉచితంగా సరిచేయాలి. ఆ తెర ఫొటో, ఫోన్ మోడల్, బ్రౌజర్ పేరు కలిపి పంపితే వెతుకులాట తగ్గుతుంది. చెప్పింది మారలేదని కోప్పడే ముందు కంప్యూటర్‌లో `Ctrl+Shift+R` నొక్కండి, చాలాసార్లు మీరు చూస్తున్నది బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ.

ఇక మిగిలిన కోరికలు, పెళ్లిళ్ల ఆర్డర్ల ఫారం లాంటివి, వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టి సైట్ మొదలుపెట్టించండి. మొదటి నెలలో కొనేవాళ్లు ఫోన్ చేసి ఏం అడుగుతున్నారో అదే కాగితం మీద రాయండి. రెండో విడత పని దాన్నిబట్టి చెప్పండి.