క్రెడిట్ పుట్ స్ప్రెడ్‌లో అమ్మకపు స్ట్రైక్ ఎంపిక: డెల్టా, అంచనా కదలిక, ప్రీమియంల పరస్పర సంబంధం – ఒక వివరణ

వ్యాస సంగ్రహం: క్రెడిట్ పుట్ స్ప్రెడ్‌లో ఏ స్ట్రైక్ దగ్గర పుట్ అమ్మాలన్న నిర్ణయానికి డెల్టా, అంచనా కదలిక, అందే ప్రీమియం అనే మూడు కొలమానాలను వాడడం పరిపాటి. ఈ మూడూ ఒకే మూలం నుంచి పుట్టినవని, అందువల్ల వాటి ఏకీభావాన్ని మూడు సాక్ష్యాలుగా లెక్కించరాదని నిఫ్టీ 50 సూచీపై ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్యపదాలు: పుట్ ఆప్షన్, స్ట్రైక్, డెల్టా, అంచనా కదలిక, ప్రీమియం, సూచిత అస్థిరత.

1. ఉపోద్ఘాతం

ఒక పుట్ ఆప్షన్‌ను అమ్మి, అదే గడువు గల మరో పుట్‌ను అంతకంటే తక్కువ స్ట్రైక్ దగ్గర కొనడాన్ని క్రెడిట్ పుట్ స్ప్రెడ్ అంటారు. అమ్మిన పుట్‌కు వచ్చే ప్రీమియం ఎక్కువ, కొన్న పుట్‌కు చెల్లించేది తక్కువ. ఈ తేడాయే ప్రారంభంలో చేతికి అందే సొమ్ము. గడువు నాటికి సూచీ అమ్మిన స్ట్రైక్‌కు పైన నిలిస్తే ఆ సొమ్మంతా లాభమే. కొన్న స్ట్రైక్‌కు కిందికి జారితే, రెండు స్ట్రైక్‌ల మధ్య దూరం నుంచి అందిన సొమ్మును తీసివేయగా మిగిలేది గరిష్ఠ నష్టం.

కనుక ఈ వ్యూహంలో ప్రధాన నిర్ణయం అమ్మకపు స్ట్రైక్ ఎంపికే. “డెల్టా 0.16 దగ్గర అమ్మాలి”, “అంచనా కదలికకు వెలుపల అమ్మాలి”, “స్ట్రైక్‌ల మధ్య దూరంలో మూడోవంతు ప్రీమియంగా రావాలి” అనే మూడు సూత్రాలు వ్యాపారుల్లో ప్రచారంలో ఉన్నాయి. వీటిని విడివిడిగా కాక, ఒకే ఉదాహరణలో పక్కపక్కన పరిశీలించడం అవసరం.

2. అంచనా కదలిక: హద్దును గుర్తించడం

నిఫ్టీ 25,000 దగ్గర ఉందనీ, గడువుకు 30 రోజులున్నాయనీ, ఆప్షన్ ధరల నుంచి తేలే సూచిత అస్థిరత ఏడాదికి 14 శాతమనీ అనుకుందాం. సరళత కోసం వడ్డీని విస్మరిద్దాం. అస్థిరత కాలపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి లెక్క ఇలా ఉంటుంది:

25,000 × 0.14 × √(30/365) ≈ 1,003

అంటే ఒక ప్రామాణిక విచలనం సుమారు 1,000 పాయింట్లు. దిగువ హద్దు 24,000.

ఇక్కడొక చిక్కు ఉంది. కొందరు ఈ సూత్రాన్ని కాక, 25,000 స్ట్రైక్ దగ్గరి కాల్, పుట్ ధరల మొత్తాన్నే అంచనా కదలికగా తీసుకుంటారు. పై అస్థిరత ప్రకారం ఆ మొత్తం సుమారు 800 రూపాయలు. అది ప్రామాణిక విచలనం కాదు, సగటు కదలిక. ప్రామాణిక విచలనంలో సుమారు 80 శాతం మాత్రమే. ఆ పద్ధతిలో హద్దు 24,200 అవుతుంది. “హద్దుకు వెలుపల” అనే మాటకు ఏ లెక్కను వాడారో తెలియకుండా అర్థం లేదు.

3. డెల్టా: సంభావ్యతకు దగ్గరి కొలత

సూచీ ఒక పాయింటు మారినప్పుడు ఆప్షన్ ధర ఎంత మారుతుందో డెల్టా తెలుపుతుంది. 1973లో ఫిషర్ బ్లాక్, మైరాన్ షోల్స్ ప్రకటించిన నమూనా ప్రకారం 24,000 పుట్ డెల్టా, రుణ చిహ్నాన్ని వదిలేస్తే, సుమారు 0.15. గడువు నాటికి సూచీ ఆ స్ట్రైక్ కింద ముగిసే సంభావ్యత సుమారు 16 శాతం. ఈ రెండు సంఖ్యలు దగ్గరగా ఉంటాయి కానీ ఒకటి కావు.

ఈ సంభావ్యత గడువు రోజుకు సంబంధించినది మాత్రమే. గడువులోపు ఏదో ఒక సమయంలో సూచీ 24,000ను తాకే అవకాశం దానికి దాదాపు రెట్టింపు, అంటే 30 శాతం పైమాటే. స్ట్రైక్‌ను తాకగానే నష్టంతో బయటపడే నియమం పెట్టుకున్నవారికి డెల్టా చూపే ధైర్యం చాలదు.

డెల్టా 0.15, అంచనా కదలిక హద్దు ఒకేచోట కలవడం యాదృచ్ఛికం కాదు. రెండింటినీ లెక్కించింది ఒకే 14 శాతం అస్థిరతతో. నిజమైన మార్కెట్‌లో దిగువ స్ట్రైక్‌లకు అస్థిరత సాధారణంగా ఎక్కువ. 24,000 దగ్గర అది 16 శాతమైతే డెల్టా సుమారు 0.18కి పెరుగుతుంది. అప్పుడు రెండు కొలమానాలు వేర్వేరు స్ట్రైక్‌లను చూపుతాయి. ఆ తేడా పతనం పట్ల మార్కెట్‌కున్న భయాన్ని తెలుపుతుంది.

4. ప్రీమియం: అదే సంభావ్యతకు ధర

14 శాతం అస్థిరత వద్ద 24,000 పుట్ ధర సుమారు 79 రూపాయలు, 23,800 పుట్ ధర 52. తేడా 27 రూపాయలు, స్ట్రైక్‌ల మధ్య దూరం 200. నిష్పత్తి 13.5 శాతం. సూచీ 24,000 కింద ముగిసే సంభావ్యత 16 శాతం, 23,800 కింద ముగిసేది 11 శాతం. ప్రీమియం నిష్పత్తి ఈ రెండింటి మధ్యనే నిలిచింది.

ఇప్పుడు దగ్గరి స్ట్రైక్‌ను చూద్దాం. 24,500 పుట్ డెల్టా 0.30. దాన్ని అమ్మి 24,300 పుట్ కొంటే సుమారు 56 రూపాయలు అందుతాయి. నిష్పత్తి 28 శాతం. ఆదాయం రెట్టింపైంది, ఓడే సంభావ్యత కూడా రెట్టింపైంది.

దీన్నిబట్టి మొదట పేర్కొన్న సూత్రాల్లో వైరుధ్యం బయటపడుతుంది. ప్రీమియం నిష్పత్తి, అమ్మిన స్ట్రైక్ కింద సూచీ ముగిసే మార్కెట్ సంభావ్యతను మించలేదు. కాబట్టి డెల్టా 0.16 దగ్గర మూడోవంతు ప్రీమియం ఆశించడం కుదరని కోరిక. మూడోవంతు కోసం పట్టుబట్టేవారు తమకు తెలియకుండానే డెల్టా 0.30 పైకి జరుగుతారు.

5. గెలుపు శాతం, మిగులు

24,000/23,800 స్ప్రెడ్‌లో గరిష్ఠ నష్టం 173 రూపాయలు. ఒక్క పూర్తి ఓటమి ఆరు గెలుపులకు పైగా ఆదాయాన్ని హరిస్తుంది. ప్రతి ఫలితం పూర్తి లాభమో పూర్తి నష్టమో అనుకుంటే, నష్టం రాకుండా ఉండడానికి 173ను 200తో భాగించగా వచ్చే 86.5 శాతం గెలుపులు కావాలి. నూరు లావాదేవీల్లో 87 గెలిస్తే మిగులు 100 రూపాయలు, 86 గెలిస్తే లోటు 100 రూపాయలు. ఒక్క ఫలితం తేడాతో లెక్క తారుమారవుతుంది. కొనుగోలు, అమ్మకపు ధరల మధ్య అంతరం వల్ల 27కు బదులు 24 రూపాయలే చేతికి వస్తే కావలసిన గెలుపు 88 శాతానికి చేరుతుంది. అందువల్ల తరచూ గెలవడం లాభానికి రుజువు కాదు.

మిగులు ఉండాలంటే రాబోయే నిజమైన అస్థిరత, ధరల్లో ఇమిడిన అస్థిరత కన్నా తక్కువగా ఉండాలి. ఈ తీర్పు మూడు కొలమానాల్లో దేనిలోనూ లేదు. 2024 జూన్ 4న, లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు నాడు, నిఫ్టీ ఒక్కరోజులో సుమారు 5.9 శాతం పడిపోయింది. పై ఉదాహరణలోని నెల రోజుల అంచనా కదలిక 4 శాతమే. అంతటి పతనం 25,000 నుంచి సంభవిస్తే రెండు స్ప్రెడ్‌లూ గరిష్ఠ నష్టంలోకి జారుతాయి. కొన్న పుట్ అప్పుడు నష్టానికి హద్దు వేస్తుందే తప్ప నష్టాన్ని ఆపదు.

6. ముగింపు

స్ట్రైక్ ఎంపికలో ఈ కొలమానాలకు ఒక క్రమం ఉంది. అంచనా కదలికతో హద్దును గుర్తించాలి. గడువులోపు ఎన్నికల ఫలితాల వంటి ఘట్టం ఉందేమో చూడాలి. ఆ హద్దు దగ్గరి స్ట్రైక్ డెల్టాతో అస్థిరత వాలును పరీక్షించాలి. చివరగా, ఖర్చులు పోగా మిగిలే ప్రీమియం నిష్పత్తిని, స్వతంత్రంగా అంచనా వేసుకున్న ఓటమి శాతంతో పోల్చాలి. నిష్పత్తి ఎక్కువైతేనే అమ్మకానికి ఆధారం ఉన్నట్టు. తక్కువైతే, ప్రీమియం కోసం స్ట్రైక్‌ను దగ్గరకు జరపడం పరిష్కారం కాదు. అది మరింత నష్టభయాన్ని మరింత ధరకు అమ్మడమే. ఆ గడువును విడిచిపెట్టడమే అక్కడ సరైన నిర్ణయం.