చుక్క పచ్చసొన చాలు, నురుగు నిలవకపోవడానికి

తూత్తుకుడి వెళ్లొచ్చినవాళ్లు తెచ్చే మాకరూన్లు తిన్నారా? కింద వెడల్పుగా, పైన సూదిగా, వెలిసిన తెలుపులో ఉంటాయి. కొరికితే కరకరమంటాయి, మరుక్షణం నోట్లో ఏమీ మిగలదు. వాటిలో ప్రధానంగా పడేవి మూడే: గుడ్డు తెల్లసొన, పంచదార, జీడిపప్పు. ఆ గుల్లతనమంతా తెల్లసొనలోకి ఎక్కించిన గాలిదే.

ఇక్కడో చిక్కుంది. గిన్నెకి కాస్త జిడ్డున్నా తెల్లసొన పొంగదని కేకులు చేసేవాళ్లందరూ చెబుతారు. అది నిజమే. మరి జీడిపప్పు బరువులో సగానికి కాస్త తక్కువగా నూనే ఉంటుంది కదా, దాన్ని పొడికొట్టి కలిపినా నురుగు ఎలా నిలుస్తోంది?

తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రోటీన్లు. అవి మామూలుగా ఉండచుట్టుకుని, ఒకదాని జోలికి ఒకటి పోకుండా నీళ్లలో తేలుతుంటాయి. గిలక్కొట్టినప్పుడు ఆ ఉండలు విప్పుకుంటాయి. విప్పుకున్న ప్రోటీన్‌లో కొన్ని భాగాలకు నీళ్లంటే గిట్టదు, అవి గాలివైపు తిరుగుతాయి. నీటిని ఇష్టపడే భాగాలు నీళ్లలోనే ఉండిపోతాయి. అలా ప్రతి గాలిబుడగ చుట్టూ ప్రోటీన్లు చేరి, పక్కపక్కవి చేతులు పట్టుకున్నట్టు అతుక్కుని ఒక పొర కడతాయి. నురుగును నిలబెట్టేది ఆ పొరే.

కొవ్వుకూ నీళ్లంటే గిట్టదు కాబట్టి అదీ బుడగ అంచుకే పరిగెడుతుంది. ప్రోటీన్ నిలబడాల్సిన చోట తను దూరుతుంది, కానీ పక్కవాళ్ల చెయ్యి మాత్రం పట్టుకోదు. గొలుసు అక్కడ తెగుతుంది, బుడగ పగులుతుంది. పచ్చసొన ఇంకా ప్రమాదకరం. దాంట్లో మూడో వంతు దాకా కొవ్వు ఉంటుంది, పైగా ఆ కొవ్వును నీళ్లలో సన్నగా చెదరగొట్టే లెసిథిన్ కూడా ఉంటుంది. వంటనూనె చుక్క పడితే ఒకచోట తేలుతుంది. పచ్చసొన చుక్క గిన్నె అంతా పాకుతుంది. అందుకే మూడు గుడ్ల తెల్లసొనలో ఒక చుక్క పడినా నురుగు పరిమాణం బాగా తగ్గిపోతుంది. ఎంత గిలక్కొట్టినా పల్చటి నురగే తప్ప కొన నిలవదు.

కాబట్టి గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, చల్లగా ఉన్నప్పుడే పగలగొట్టాలి. మన ఎండల్లో బయటున్న గుడ్డు పచ్చసొన పొర బలహీనపడి, పెంకు అంచు తగిలితే చాలు చిట్లుతుంది. ఒక్కో గుడ్డు తెల్లసొనను ముందు చిన్న కప్పులోకి తీసి, శుభ్రంగా ఉందని చూసుకున్నాకే పెద్ద గిన్నెలో పొయ్యాలి. మూడో గుడ్డు చిట్లితే పోయేది ఆ ఒక్కటే, అది ఆమ్లెట్‌కి వెళ్తుంది. ఇసుమంత పచ్చసొన పడితే వేలితో కాకుండా పెంకు ముక్కతో తీస్తే సులువుగా వస్తుంది. విడదీయడానికి చల్లదనం మంచిదైతే, గిలక్కొట్టడానికి గది వేడి మేలు. తీసిన తెల్లసొనను ఒక అరగంట మూతపెట్టి ఉంచితే త్వరగా పొంగుతుంది.

గిన్నె స్టీలుదో గాజుదో అయ్యుండాలి. ప్లాస్టిక్ ఎంత తోమినా జిడ్డు పట్టి ఉంచుకుంటుంది. నిమ్మచెక్కతో లోపలంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే నిశ్చింత. మజ్జిగ చిలికే చెక్క కవ్వంతో మాత్రం ఈ పనికి దిగకండి. ఏళ్ల తరబడి వెన్న తాగిన చెక్క అది. మిక్సీ బ్లేడు కూడా పనికిరాదు, అది కోస్తుందే తప్ప గాలిని సరిగ్గా పట్టనివ్వదు. తీగల విస్కు గానీ ఎలక్ట్రిక్ బీటర్ గానీ కావాలి.

మూడు గుడ్లకి సుమారు 90 గ్రాముల తెల్లసొన వస్తుంది. దానికి 150 గ్రాముల పంచదార తీసుకుందాం. మన పంచదార పలుకులు పెద్దవి, త్వరగా కరగవు. మిక్సీలో మెత్తగా పొడికొట్టుకోవాలి. మిక్సీ జారుకి జిడ్డు లేకుండా చూడటం మర్చిపోకండి. బీటర్‌ను నెమ్మదిగా మొదలుపెడితే పెద్దపెద్ద బుడగలు వస్తాయి. అప్పుడు గుడ్డుకు అర టీస్పూను చొప్పున నిమ్మరసం వేసి వేగం పెంచాలి. పులుపు వల్ల ప్రోటీన్లు ఒకదాన్నొకటి అతిగా బిగించుకోవు, నురుగు విరిగిపోయే ప్రమాదం తగ్గుతుంది. ఉప్పు చిటికెడు వెయ్యమని కొందరంటారు గానీ, అది నురుగుకు చేసే మేలు లేదు, పైగా కాస్త బలహీనపరుస్తుంది.

కాసేపటికి బుడగలు సన్నబడి రంగు తెల్లబడుతుంది. బీటర్ పైకెత్తితే వచ్చిన కొన మెత్తగా వంగిపోతుంది. పంచదార మొదలుపెట్టాల్సింది సరిగ్గా ఇప్పుడే. ఒక్కో చెంచా వేస్తూ, ప్రతి చెంచాకీ పావు నిమిషమైనా గిలక్కొడుతూ.

ఎందుకు ఇప్పుడే? పంచదార నీళ్లను పట్టుకుంటుంది. బుడగల మధ్య ఉన్న నీటిని చిక్కటి పాకంలా మార్చి కిందికి జారకుండా ఆపుతుంది. అదే చక్కెర ప్రోటీన్లు విప్పుకునే పనికీ అడ్డు తగులుతుంది. మొదట్లోనే మొత్తం పోస్తే నురుగు రావడానికి చాలాసేపు పడుతుంది, అంత పొంగదు కూడా. చేత్తో చేసేవాళ్లకైతే భుజాలు పోతాయి. బలమైన మెషిన్ ఉన్నవాళ్లు మాత్రం ముందే వేసుకోవచ్చు, ఆలస్యమైనా నున్నగా, దట్టంగా వస్తుంది. అన్నిటికన్నా చెడ్డది మరీ ఆలస్యంగా వెయ్యడం. నురుగు బిర్రబిగిశాక పంచదార కరగడానికి తీరిగ్గా దొరికే నీరు ఉండదు. పలుకులు అలాగే మిగిలి, ఓవెన్‌లో పాకం బొట్లుగా బయటికి కారతాయి. రెండు వేళ్ల మధ్య కాస్త నురుగు తీసుకుని నలిపితే గరుకు తగలకూడదు. తగిలితే ఇంకాస్త గిలక్కొట్టాలి.

చివరికి నురుగు నిగనిగలాడుతూ, ఎత్తిన కొన నిటారుగా నిలుస్తుంది. అక్కడ ఆపెయ్యాలి. పంచదార వెయ్యని నురుగు ఈ దశ దాటిందంటే మెరుపు పోయి, విరిగిన పాలలా గడ్డలు కట్టి, గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. అప్పుడు ఇంకో తెల్లసొన వేసి మళ్లీ గిలక్కొడితే కొంత సర్దుకుంటుంది గానీ మునుపటి నునుపు రాదు. ఈ ఆపద తప్పించడం కూడా పంచదార చేసే పనుల్లో ఒకటి.

ఇప్పుడు జీడిపప్పు సంగతి. పొర కట్టేటప్పుడు వచ్చిన కొవ్వు ప్రోటీన్ చోటు లాక్కుంటుంది. పొర కట్టి, పాకంతో బిగిశాక వచ్చిన కొవ్వుకు దూరే సందు తక్కువ. పైగా జీడిపొడిలో చాలా నూనె పలుకుల్లోనే ఉండిపోతుంది. షిఫాన్ కేకులో పచ్చసొన, నూనె ఉన్న పిండిలో ఇదే నురుగును కలిపినా కేకు పొంగడానికి కారణం కూడా ఇదే. అయితే కొవ్వు తగిలాక గడియారం మొదలైనట్టే. నెమ్మదిగానైనా బుడగలు పగులుతుంటాయి. అందుకే 100 గ్రాముల జీడిపొడిని బీటర్‌తో కాకుండా వెడల్పాటి గరిటెతో, కిందినుంచి పైకి మడతపెడుతూ, తెల్లచారలు పోయేదాకా మాత్రమే కలిపి, వెంటనే ట్రేలో కొనలుగా పెట్టాలి. జీడిపప్పును మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, ఆ ముద్దకు నురుగు ఇట్టే కూలుతుంది. ఆగి ఆగి తిప్పి పొడిగానే ఉంచుకోవాలి.

ఓవెన్ వేడి 100 నుంచి 110 డిగ్రీలు చాలు. గంటన్నర దాకా పడుతుంది. ఇది కాల్చడం కన్నా ఆరబెట్టడం అనుకోవాలి. ఈ వేడికి తెల్లసొనలో ఎక్కువగా ఉండే ఒవాల్బుమిన్ అనే ప్రోటీన్ గట్టిపడి పొరలను శాశ్వతం చేస్తుంది. ఆర్పాక కూడా తలుపు మూసి లోపలే చల్లారనివ్వండి. పంచదార తేమను పీలుస్తుంది కాబట్టి వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, బయట పెట్టిన మాకరూన్లు త్వరగా జిగటగా మారిపోతాయి. చల్లారిన వెంటనే బిగువైన మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి. అయినా మెత్తబడితే అదే వేడిలో ఇంకో పావుగంట పెడితే మళ్లీ కరకరలాడతాయి.