షట్టర్ ఎత్తినా నీళ్లెందుకు పెరగలేదు?

మా మామయ్యకి నూజివీడు దగ్గర మూడెకరాల మామిడి తోట, దాని పక్కనే కాస్త వరి మాగాణి ఉన్నాయి. తోటకి బోరు ఉంది. పిందె గోలీ సైజుకి వచ్చాక దానికి తడులు ఇచ్చుకుంటారు. వరికి మాత్రం కాల్వే ఆధారం. మాది నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు. 1955 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాల్వలకి నీళ్లు వదిలిన ప్రాజెక్టు అది. నల్గొండ, ఖమ్మం దాటుకుని వచ్చేసరికి మా ప్రాంతం ఎడమ కాల్వకి చివర. ఆ చివర్లో ఒక మైనరు కాల్వ, దాని చివర్లో మామయ్య పొలం.

కిందటి ఖరీఫ్‌లో ఇంటికి వెళ్లినప్పుడు ఊళ్లో ఒకటే గొడవ. "లస్కరు షట్టర్ సరిగ్గా ఎత్తట్లేదురా, ఎగువ వాళ్ల మాట వింటున్నాడు" అన్నాడు మామయ్య. లస్కరు గారు నన్ను తూము దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. "చూడు బాబూ, ముప్పై సెంటీమీటర్లు ఉండేది నలభై అయిదు చేశా. అయినా వాళ్లకి నీళ్లు చాలట్లేదంటే నేనేం చెయ్యను?" షట్టర్ నిజంగానే ఎత్తి ఉంది. నీళ్లు నిజంగానే తక్కువగా ఉన్నాయి. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. థర్డ్ ఇయర్‌లో హైడ్రాలిక్స్ ల్యాబ్‌లో అద్దాల తొట్టెలో చూసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయిన పాఠం ఆ రోజు గట్టు మీద గుర్తొచ్చింది.

షట్టర్ కింద నుంచి నీరు రెండు రకాలుగా పోతుంది. మొదటిది స్వేచ్ఛా ప్రవాహం. షట్టర్ కింది అంచు దాటిన ధార ఇంకొంచెం సన్నబడుతుంది. సందు ఎత్తులో సుమారు 0.61 వంతు మందానికి దిగి, అద్దంలా నున్నగా, చాలా వేగంగా దూసుకుపోతుంది. కొంత దూరం పోయాక తెల్లగా నురగ కక్కుతూ ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాన్నే హైడ్రాలిక్ జంప్ అంటాం. ఇక్కడ దిగువ నీటికి షట్టర్ మీద ఏ అధికారమూ లేదు. దిగువ మట్టం అరవై సెంటీమీటర్లున్నా డెబ్బై ఉన్నా షట్టర్ వదిలేది అంతే. ఎందుకంటే ఆ ధార వేగం అలల వేగం కన్నా ఎక్కువ. దిగువ జరిగిన మార్పు ఎదురీది షట్టర్ దాకా రాలేదు.

రెండోది మునిగిన ప్రవాహం. దిగువ మట్టం పెరిగేకొద్దీ ఆ జంప్ షట్టర్ వైపు జరుగుతూ వస్తుంది. చివరికి షట్టర్‌కి ఆనుకుని ధార మీదే కూలబడుతుంది. ధార అడుగున పోతూనే ఉంటుంది కానీ దాని నెత్తిన నీళ్ల బరువు ఉంటుంది. ఇప్పుడు నీటిని తోసేది ఎగువ లోతు మొత్తం కాదు, ఎగువకీ షట్టర్ వెనక మట్టానికీ ఉన్న తేడా మాత్రమే.

మా తూము లెక్క చూద్దాం. షట్టర్ వెడల్పు 1 మీటరు. పెద్ద కాల్వలో మా తూముకి కొంచెం దిగువన ఉన్న క్రాస్ రెగ్యులేటర్ వల్ల ఎగువ లోతు 1.50 మీటర్ల దగ్గర నిలకడగా ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి దిగువ కాల్వ కూడా అంతే వెడల్పు అనుకున్నా. స్వేచ్ఛా ప్రవాహానికి సూత్రం ఇది:

q = Cd × a × √(2 g y1)

a అంటే షట్టర్ సందు, y1 ఎగువ లోతు. సందు 0.30 అయితే Cd సుమారు 0.576 వస్తుంది. లెక్క కడితే సెకనుకి 937 లీటర్లు, అంటే 33 క్యూసెక్కులు. ధార మందం 18 సెంటీమీటర్లు, వేగం సెకనుకి 5.1 మీటర్లు, ఫ్రౌడ్ సంఖ్య 3.8. ఈ ధారకి జతపడే జంప్ తర్వాతి లోతు 0.90 మీటర్లు. ఇదే మన గీత. దిగువ లోతు 90 సెంటీమీటర్లలోపు ఉంటే ప్రవాహం స్వేచ్ఛగా పోతుంది. దాటితే మునుగుతుంది.

షట్టర్ 30 దగ్గర ఉన్న రోజుల్లో దిగువ గేజి 1.20 చూపించిందని లస్కరు గారి పుస్తకంలో ఉంది. గీత కన్నా 30 సెంటీమీటర్లు ఎక్కువ. ఇప్పుడు ఆ సూత్రం పనికిరాదు. షట్టర్ ముందు శక్తి సమీకరణం, వెనక ద్రవ్యవేగ సమీకరణం కలిపి సాధించాలి. సాధిస్తే 525 లీటర్లు, అంటే 18.6 క్యూసెక్కులు. అదే షట్టర్, అదే సందు, అదే ఎగువ మట్టం. పోయింది మాత్రం 14 క్యూసెక్కులు.

ఇందులో నేను మొదట చేసిన తప్పు కూడా చెప్పాలి. మునిగిన ప్రవాహం కదా అని, ఎగువ దిగువ లోతుల తేడా 30 సెంటీమీటర్లని నేరుగా సూత్రంలో పెట్టేశా. 447 లీటర్లు వచ్చింది, అంటే అసలు కన్నా 15 శాతం తక్కువ. కారణం ఏంటంటే, షట్టర్‌కి సరిగ్గా వెనక నీటిమట్టం దిగువ గేజి దగ్గర ఉన్నంత ఉండదు. అడుగున దూసుకుపోయే ధార వేగం తగ్గేకొద్దీ మట్టం మెల్లగా పెరుగుతుంది. మా లెక్కలో షట్టర్ వెనక 1.09 ఉంటే, కొన్ని మీటర్ల అవతల 1.20. నీటిని తోసే తేడా 30 కాదు, 41 సెంటీమీటర్లు. కాబట్టి మునిగిన తూముని కొలిచేటప్పుడు కర్ర ఎక్కడ ముంచామన్నది కూడా రాసుకోవాలి.

ఇక లస్కరు గారి ప్రశ్న. సందు 30 నుంచి 45కి, అంటే సగం పెంచారు. స్వేచ్ఛగా పోతుంటే నీళ్లు 46 శాతం పెరిగేవి. కానీ దిగువ నీళ్లు పోయే దారి ఇరుకుగా ఉంది. ఎక్కువ వదిలితే అక్కడే పోగుపడి మట్టం ఇంకా పెరిగింది. ఆ రోజు నేను చూసినప్పుడు గేజి 1.33. ఈ లెక్కన 633 లీటర్లు, 22 క్యూసెక్కులు. సందు సగం పెరిగితే నీళ్లు పెరిగింది అయిదో వంతు. ఆ మైనరుకి ఇవ్వాల్సింది 25. మునిగిన షట్టర్‌ని ఎత్తడమంటే మూత ఉన్న సీసాలోకి గరాటు పెద్దది చేసి పోసినట్టే.

ఈ రెండు ప్రవాహాల్లో ఏది నడుస్తోందో తెలుసుకోడానికి సమీకరణం అక్కర్లేదు. గట్టు మీద నిలబడి దిగువ వైపు నుంచి షట్టర్ కింది అంచు చూడండి. అంచు కనబడుతూ, దాని కింద నుంచి నున్నటి ధార వస్తుంటే స్వేచ్ఛా ప్రవాహం. అంచు నీళ్లలో ఉండి, వెనక నీరు సుళ్లు తిరుగుతూ మరుగుతున్నట్టు ఉంటే మునిగింది. అనుమానం ఉంటే ఒక మామిడాకు షట్టర్ వెనక వెయ్యండి. స్వేచ్ఛా ప్రవాహంలో అది క్షణంలో మాయమవుతుంది. మునిగిన ప్రవాహంలో పైనీరు వెనక్కి తిరుగుతుంది కాబట్టి, ఆకు షట్టర్ వైపే వచ్చి దాన్ని అతుక్కుని ఆడుతుంది. మేం వేసిన మూడాకులూ వెనక్కే వచ్చాయి.

అప్పుడు దిగువకి నడిచాం. రెండు వందల మీటర్ల దూరంలో పొలాలకి వెళ్లే బండ్ల దారి కింద ఒక కల్వర్టు. దాని నోట్లో గుర్రపుడెక్క, తూటికాడ, ఎవరో పారేసిన అరటి బోదెలు. ఎగువ వైపు నిండుగా, దిగువ వైపు మోకాలి లోతు. మామయ్య ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఆయనే మరో అయిదుగురితో కొడవళ్లు తెచ్చాడు. లస్కరు గారు రెండు గంటలు షట్టర్ దించి ఉంచారు. పని మధ్యాహ్నానికి అయిపోయింది.

తిరిగి షట్టర్‌ని 30కి పెడితే దిగువ గేజి 85 దగ్గర నిలిచింది. 90 గీత కన్నా తక్కువ. అంచు కనబడింది, ఆకు కొట్టుకుపోయింది. కానీ అది 33 క్యూసెక్కులు, మైనరు హక్కు కన్నా ఎక్కువ. కాబట్టి షట్టర్‌ని 22 సెంటీమీటర్లకి దించారు. సందు తగ్గితే గీత కూడా కిందికి, 80కి, జారుతుంది. నీళ్లు తగ్గాయి కాబట్టి దిగువ లోతు కూడా 70 దాకా దిగింది. ప్రవాహం స్వేచ్ఛగానే ఉంది, లెక్క దాదాపు 25 చూపించింది. ముందు 45 సెంటీమీటర్లు ఎత్తితే రానన్ని నీళ్లు ఇప్పుడు అందులో సగం సందుతో వచ్చాయి.

దీన్నుంచి ప్రతి తూమూ స్వేచ్ఛగానే నడవాలని అనుకోకండి. 1.50 నుంచి 0.90కి, అంటే అరవై సెంటీమీటర్ల మట్టం ఖర్చుపెడితేనే మాకది దొరికింది. మెట్ట వాలు ఉన్న మా వైపు ఆ ఖర్చు భరించగలం. చదునుగా ఉండే డెల్టా కాల్వల్లో అంత పతనం దొరకదు, అక్కడ మునిగిన ప్రవాహమే మామూలు. పైగా సెకనుకి అయిదు మీటర్ల ధార మట్టి అడుగుని తవ్వేస్తుంది. జంప్ కాంక్రీటు ఏప్రాన్ మీదే పడేలా చూసుకోవాలి.

మునిగిన తూముతో అసలు చిక్కు నీళ్లు తగ్గడం ఒక్కటే కాదు, అవి నిలకడగా ఉండకపోవడం. మా తూము స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఎగువ పది సెంటీమీటర్లు పెరిగితే నీళ్లు 4 శాతంలోపే మారతాయి, దిగువ మట్టం గీత దాటనంత వరకు దానివల్ల అసలు మారవు. అదే 1.20 దగ్గర మునిగి ఉన్నప్పుడు దిగువ పది సెంటీమీటర్లు పెరిగితే 525 లీటర్లు 422 అయిపోతాయి. అంటే అయిదో వంతు పోయింది, షట్టర్‌ని ఎవరూ ముట్టుకోకుండానే. రాత్రికి రాత్రి ఎవరో షట్టర్ దించేశారనే అనుమానాల్లో ఎన్ని ఇలాంటివో.

వెళ్లేటప్పుడు లస్కరు గారు తన పుస్తకంలో ఒక కొత్త గడి గీయించుకున్నారు. ఇప్పటిదాకా రోజూ షట్టర్ ఎత్తు, ఎగువ గేజి, దిగువ గేజి రాసేవారు. ఇప్పుడు నాలుగో గడిలో "అంచు కనబడిందా, లేదా" అని రాస్తున్నారట. మామయ్య ఫోన్ చేసినప్పుడు ముందు అదే చెప్తాడు: "ఇవాళ కనబడింది రా అల్లుడూ."