స్టిక్కరు చెప్పే పేరు, ఇనుము చెప్పే పేరు

మా అక్క కొడుకు ఇంజినీరింగు కాలేజీలో చేరగానే గేర్ల సైకిల్ కావాలన్నాడు. కొత్తది కొనడం కుదరక సెకండ్ హ్యాండ్‌లో వెతికాడు. మల్కాజిగిరిలో ఒకాయన దగ్గర జీటీ కంపెనీ సైకిల్ ఉందనీ, ఇరవై వేలు చెబుతున్నాడనీ ఫోన్ చేశాడు. "అవలాంచ్ మోడలట మామయ్యా, కొని మూడేళ్లేనట" అన్నాడు. ఆ మూడు మాటల్లో ఏది నిజమో చూసుకున్నాకే ధర గురించి మాట్లాడదామని ఇద్దరం వెళ్లాం.

సైకిల్ నిండా కొత్త నల్లరంగు, దాని మీద మెరిసే జీటీ స్టిక్కర్లు. ఇలాంటి స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకే దొరుకుతాయి, ఏ ఫ్రేము మీదైనా అంటించుకోవచ్చు. రంగు కొత్తగా ఉన్న సైకిల్‌కి స్టిక్కర్ ఒక సాక్ష్యం కాదు. అందుకే నేను ముందు ఫ్రేము ఆకారం చూస్తాను. గొట్టాలు వెల్డింగ్ అయిన తీరును స్టిక్కర్‌లా మార్చడం కుదరదు.

జీటీని ఆకారంతో గుర్తుపట్టడం తేలిక. మామూలు సైకిల్లో వెనక చక్రం దగ్గర నుంచి పైకి వచ్చే రెండు సన్నని గొట్టాలు సీటు గొట్టం దగ్గర ఆగిపోతాయి. జీటీలో అవి సీటు గొట్టాన్ని దాటి ముందుకు సాగి, పై గొట్టాన్ని అంటుకుంటాయి. దాంతో సీటు కింద ఒక చిన్న మూడో త్రికోణం ఏర్పడుతుంది. గ్యారీ టర్నర్ అనే అమెరికన్ పేరులోని మొదటి అక్షరాలే ఈ కంపెనీ పేరు. ఈ మూడు త్రికోణాల ఫ్రేము దశాబ్దాలుగా వాళ్ల గుర్తు. మేం చూసిన సైకిల్లో ఆ చిన్న త్రికోణం ఉంది. నేను తీసుకెళ్లిన అయస్కాంతం ఫ్రేముకి అంటుకోలేదు, అంటే అల్యూమినియం. దీన్ని చూసి వేరేవాళ్లు చేసిన చవక ఫ్రేములూ ఉంటాయి గనుక తొందరపడకుండా వెల్డింగ్ అతుకులు చూశాను. చేప పొలుసుల్లా వరసగా, ఎక్కడా గడ్డలు లేకుండా ఉన్నాయి. సైకిల్ జీటీదే అనుకున్నాను.

ఇక మోడల్. ఆకారం కంపెనీని చెబుతుంది గానీ మోడల్‌ని చెప్పదు. జీటీలో అవలాంచ్‌కీ, దానికంటే కింది మెట్టులో ఉండే అగ్రెసర్‌కీ ఇదే త్రికోణం. అమ్మేవాళ్ల గొంతు ఎక్కువగా బలపడేది ఇక్కడే.

కొనేవాళ్లు సాధారణంగా వెనక డీరైలర్ చూస్తారు. గేరు మారినప్పుడు చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి తోసే భాగం అది. దాని మీద షిమానో వాళ్ల ఆల్టస్ అని రాసి ఉంది. ఆల్టస్ అంటే టూర్నీ కంటే ఒక మెట్టు పైన. చూడగానే సంతోషపడాల్సిందే. కానీ విప్పి మార్చడానికి అన్నిటికంటే తేలికైన భాగం కూడా అదే. కొత్త సైకిళ్లలో సైతం కంపెనీలు కంటికి కనిపించే ఈ ఒక్క భాగాన్ని ఒక మెట్టు పైది వేసి, మిగతావి కింది రకం బిగించడం మామూలే. అందుకని నేను ముందు డీరైలర్, హ్యాండిల్ మీది గేరు మీటలు, వెనక పళ్లచక్రాల గుత్తి చూశాను. ముందు డీరైలర్, మీటలు టూర్నీ రకం. వెనక గుత్తి ఏడు పళ్లచక్రాలు కలిసి మరలా తిరిగి బిగిసే ఫ్రీవీల్. చవక సైకిళ్లలో వాడేది ఇదే.

షిమానో భాగాల వెనక రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు గుద్ది ఉంటాయి. మురికి తుడిచి టార్చి వేస్తే కనిపిస్తాయి. మొదటి అక్షరం ఏడాది, రెండోది నెల. 2002కి ఏ, 2003కి బీ, అలా వరసగా లెక్క. నెలలకి జనవరి ఏ, డిసెంబరు ఎల్. అంతకుముందు 1976 నుంచి 2001 దాకా ఇవే ఇరవై ఆరు అక్షరాలు ఒకసారి తిరిగాయి. కాబట్టి ఒకే అక్షరానికి ఇరవై ఆరేళ్ల తేడాతో రెండు సంవత్సరాలుంటాయి. భాగం పాతదో కొత్తదో చూస్తే ఏది సరైనదో తెలిసిపోతుంది. ముందు డీరైలర్ మీద ఎన్‌ఎఫ్, అంటే 2015 జూన్. మీటల మీద ఎన్‌ఈ, 2015 మే. వెనక డీరైలర్ మీద మాత్రం ఎస్‌బీ, 2020 ఫిబ్రవరి. రెండు భాగాలు ఒకే కాలానివై, మూడోది ఐదేళ్లు చిన్నదైతే ఆ మూడోది తర్వాత వేసినదే. సైకిల్ వయసు ఆయన చెప్పిన మూడేళ్లకి దగ్గర్లో కూడా లేదు.

చివరి పరీక్ష రంగుకి. పాత స్టిక్కర్ల మీదే కొత్త రంగు కొడితే వాటి అంచులు సన్నగా ఉబ్బి ఉంటాయి. నేరుగా చూస్తే కనపడవు. టార్చిని గొట్టానికి ఆనించి, వెలుతురు ఏటవాలుగా పారేలా పట్టుకోవాలి. పై గొట్టం మీద మొదట ఏ, దాని పక్కన గుండ్రంగా జీ నీడలా తేలాయి. అవలాంచ్ అయితే రెండో అక్షరం వీ ఉండాలి. "అగ్రెసర్!" అని మావాడే అన్నాడు. ఆయనేమీ వాదించలేదు. తనకు అమ్మినవాడు అవలాంచ్ అనే చెప్పాడట. అబద్ధమని నేననుకోను.

ఇక ధర. "కొన్నప్పుడు ఇంత పెట్టాను" అనే లెక్క అమ్మేవాడిది. కొనేవాడు వేసుకోవాల్సిన లెక్క, అదే మెట్టు కొత్త సైకిల్ ఇవాళ షాపులో ఎంత అని. అల్యూమినియం ఫ్రేము, ఇరవై ఒక్క గేర్లు, తీగతో లాగే డిస్క్ బ్రేకులు ఉన్న కొత్తవి మేం అడిగిన షాపుల్లో సుమారు ఇరవై నాలుగు వేలు. ఫ్రేము బాగుంటే, ఇంత పాతదానికి నేను సగం నుంచి మొదలుపెడతాను. పన్నెండు వేలు. అందులోంచి అరిగినవాటి ఖర్చు తీయాలి.

చైనుకి స్కేలు పెట్టాం. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి లెక్కిస్తే ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా పన్నెండు అంగుళాల దగ్గర ఉంటుంది. ఇక్కడ అది అంగుళంలో ఎనిమిదో వంతు దాటి ఉంది. అంత సాగిన చైను పళ్లచక్రాల పళ్లను కూడా తినేసి ఉంటుంది. చైను ఒక్కటే మార్చితే తొక్కేటప్పుడు జారుతుంది, రెండూ మార్చాలి. చైనుకి ఏడు వందలు, ఫ్రీవీల్‌కి తొమ్మిది వందలు, పక్కలు పగిలిన రెండు టైర్లకి పద్దెనిమిది వందలు, బ్రేకు ప్యాడ్లూ తీగలూ ఆరు వందలు, మెకానిక్ కూలి అయిదు వందలు. మొత్తం నాలుగున్నర వేలు. మిగిలింది ఏడున్నర. ఎనిమిదికి బేరం తెగింది.

ఈ లెక్కలేవీ పనికిరాని సందర్భం ఒకటుంది. హ్యాండిల్ గొట్టం వెనక, కింది గొట్టం అతికే చోట రంగు ముడతపడినా, వెల్డింగ్ పక్కన సన్నని గీత కనిపించినా అది పగులు కావచ్చు. అల్యూమినియం చెప్పకుండా విరుగుతుంది. అలాంటి ఫ్రేముకి నేను కట్టే ధర సున్నా.

డబ్బు చేతులు మారకముందు సైకిల్‌ని తలకిందులు చేయండి. పెడళ్ల ఇరుసు ఉన్న గొట్టం అడుగున సాధారణంగా ఫ్రేము నంబరు గుద్ది ఉంటుంది. పాత బిల్లు ఉంటే దాంతో సరిపోల్చండి, లేకపోతే ఫోటో తీసుకుని అమ్మినవాళ్ల చేత రసీదు మీద రాయించుకోండి. ఆకురాయితో రుద్దేసిన నంబరు కనిపిస్తే ఎంత చవకైనా ఆ సైకిల్ కొనకండి.